మూడు పోర్ట్‌ఫోలియోలు, ఒక A: రిస్కుకు ధర కట్టాక మిగిలే రాబడి ఎంత?

ప్రశ్న: నమస్తే అండి. మాది హైదరాబాద్, మియాపూర్. వయసు 36. ప్లాటు అమ్మితే వచ్చిన 20 లక్షలు పెట్టుబడి పెట్టాలి. అడ్వైజర్ మూడు పోర్ట్‌ఫోలియోలు రాసిచ్చారు. ఏటా సగటు రాబడి, స్టాండర్డ్ డీవియేషన్ ఇలా ఉన్నాయి: ఒకటోది 8, 4 శాతం, రెండోది 10.5, 10 శాతం, మూడోది 13.5, 20 శాతం. ఎఫ్‌డీ 6.5 శాతం ఇస్తోంది. U = E − ½Aσ² ఫార్ములాలో A = 4 పెట్టి చూసుకోమన్నారు. నాకు −24, −189.5, −786.5 వచ్చాయి. మూడూ మైనస్ ఏంటండీ? ఒకటోదే తక్కువ మైనస్ కాబట్టి అదే తీసుకోవాలా? అసలు ఈ 4 ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు:

నమస్తే అండి. ఫార్ములా సరైనదే, అంకెలు ఎక్కించడంలో తేడా వచ్చింది. అందులో E అంటే సగటు రాబడి, σ అంటే స్టాండర్డ్ డీవియేషన్, అంటే రాబడి ఆ సగటుకు అటూ ఇటూ ఎంత ఊగుతుందో చెప్పేది. A అంటే రిస్కుకు మీరు ఎంతగా వెనకాడతారో చెప్పే అంకె, U అంటే రిస్కుకు ధర కట్టి తీసేశాక మిగిలే రాబడి. ఇరవై ఏళ్లుగా హిమాయత్‌నగర్‌లో ఇదే పని చేస్తున్నాను. ఈ ఫార్ములా మొదటిసారి వేసేవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడతారు.

మీరు 20 శాతాన్ని 20 అని పెట్టి వర్గం చేశారు, 400 వచ్చింది. దాన్ని 0.20 అని పెడితే వర్గం 0.04 అవుతుంది. రాబడిని 13.5 నుంచి 0.135 చేసినప్పుడు అది వంద రెట్లే తగ్గుతుంది. డీవియేషన్‌ను అలాగే మార్చినప్పుడు దాని వర్గం పదివేల రెట్లు తగ్గుతుంది. అంటే మీ లెక్కలో రిస్కు మీద కోత ఉండాల్సినదానికి వంద రెట్లు పడింది. మీరు A = 4 అనుకుని వేసినా, జరిగింది A = 400 అని పెట్టిన లెక్క. A 400 ఉన్న మనిషి ఎఫ్‌డీ తప్ప దేన్నీ ముట్టుకోడు. అందుకే మైనస్‌లు వచ్చాయి, అందుకే ఒకటోది మొదటి స్థానానికి వచ్చింది. ఆ వరుసను నమ్మకండి. గుర్తుతో పాటు క్రమం కూడా తప్పింది.

ఎక్సెల్‌లో వేస్తుంటే సెల్‌లో 13.5% అని శాతం గుర్తుతో సహా టైప్ చేయండి. అప్పుడు లోపల 0.135 అనే ఉంటుంది. రాబడి B కాలమ్‌లో, డీవియేషన్ C కాలమ్‌లో, A విలువ E1 సెల్‌లో ఉంటే ఫార్ములా ఇది:

```
=B2-0.5*$E$1*C2^2
```

శాతం గుర్తు లేకుండా 13.5, 20 అని ఉత్త అంకెలే పెట్టుకుంటానంటే 0.5 బదులు 0.005 వాడాలి:

```
=B2-0.005*$E$1*C2^2
```

మూడు పోర్ట్‌ఫోలియోల కింద నాలుగో వరుసగా ఎఫ్‌డీని కూడా పెట్టండి: రాబడి 6.5, డీవియేషన్ 0. జవాబు సరిగ్గా 6.5 రావాలి. ఇంకొకటి, ఏ పోర్ట్‌ఫోలియో జవాబైనా దాని సగటు రాబడి కంటే తక్కువే ఉండాలి, కానీ మీకు వచ్చినట్టు పాతాళానికి పోకూడదు. ఈ రెండూ చూసుకుంటే యూనిట్ల తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

ఇప్పుడు A = 4 తో సరైన జవాబులు: ఒకటోది 7.68 శాతం, రెండోది 8.5 శాతం, మూడోది 5.5 శాతం. రెండోది ముందుంది. మూడోది ఎఫ్‌డీ కంటే కూడా వెనకబడింది.

ఈ 8.5, 5.5 అంటే ఏమిటో తెలియకపోతే ముందుకు పోయి లాభం లేదు, కాబట్టి మూడోదాన్ని రూపాయల్లో చూద్దాం. 20 లక్షల మీద 13.5 శాతం అంటే సగటున ఏడాదికి 2 లక్షల 70 వేలు. దానితో పాటు వచ్చే ఊగిసలాట 20 శాతం. మూడింట రెండు ఏళ్లలో రాబడి సుమారుగా మైనస్ 6.5 నుంచి ప్లస్ 33.5 మధ్య ఎక్కడైనా పడొచ్చు, మిగతా ఏళ్లలో దానికీ బయట. ఆ ఊగిసలాటను భరించడానికి మీరు మనసులో కట్టే ధరే ½Aσ². A 4 అయితే ఆ ధర 8 శాతం, అంటే లక్షా 60 వేలు. 2 లక్షల 70 వేలలో అది తీసేస్తే మిగిలేది లక్షా 10 వేలు. ఎవరైనా వచ్చి "ఈ పోర్ట్‌ఫోలియో నాకిచ్చెయ్, ఏడాది చివర ఖాయంగా లక్షా 10 వేలు ఇస్తాను" అంటే మీకు రెండూ ఒకటే అనిపించాలి. సర్టెంటీ ఈక్వివలెంట్ రిటర్న్ అనేది ఇదే. వచ్చే ఏడాది 5.5 శాతం వస్తుందని ఇది చెప్పడం లేదు. రిస్కు లేని ఎంత రాబడికి ఇది మీ దృష్టిలో సమానమో చెబుతోంది. ఎఫ్‌డీ ఎలాగూ లక్షా 30 వేలు ఖాయంగా ఇస్తుంటే, A నిజంగా 4 ఉన్నవాళ్లు మూడోదాన్ని ఎందుకు తీసుకుంటారు?

(ఎఫ్‌డీకి రిస్కు సున్నా అని పెట్టుకున్నాం కదా, దానికీ ఒక హద్దు ఉంది. డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక బ్యాంకులో ఒక మనిషికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే. 2020 ఫిబ్రవరి నుంచి అంతే ఉంది. పెద్ద మొత్తం అయితే బ్యాంకులు మార్చి పెట్టుకోండి.)

రెండోదాని నుంచి మూడోదానికి వెళ్లినప్పుడు ఏం జరిగిందో గమనించండి. డీవియేషన్ రెట్టింపు అయింది, కానీ ధర నాలుగు రెట్లయింది: 2 శాతం నుంచి 8 శాతానికి. అదనంగా వచ్చిన రాబడి 3 శాతమే. వర్గం చేసే లెక్క కాబట్టి రిస్కు పెరిగేకొద్దీ ధర చాలా వేగంగా పెరుగుతుంది. మీకు రెండోది ముందు రావడానికి కారణం ఇదే.

ఇక మీ చివరి ప్రశ్న: ఈ 4 ఎక్కడిది? మీ అడ్వైజర్ దగ్గర ఏదో ప్రశ్నావళి ఉండి ఉంటుంది, లేదా మధ్యస్థంగా ఉంటుందని వేసి ఉంటారు. నేనైతే A ని ముందే తేల్చుకోను. ఏ A దగ్గర నిర్ణయం మారుతుందో ముందు కనుక్కుంటాను. దీనికి కష్టమేమీ లేదు. రెండు పోర్ట్‌ఫోలియోల U లు సమానం అని రాసి A కోసం సాధిస్తే ఇలా వస్తుంది:

```
A = 2(E2 − E1) / (σ2² − σ1²)
```

రెండోది, మూడోది తీసుకోండి. రాబడుల తేడా 0.03, దాని రెట్టింపు 0.06. వర్గాల తేడా 0.04 లోంచి 0.01 పోతే 0.03. భాగిస్తే A = 2. అంటే సరిగ్గా A 2 ఉన్న మనిషికి ఈ రెండూ సమానం, రెండింటికీ 9.5 శాతమే వస్తుంది. ఒకటోది, రెండోదాని మధ్య ఇదే లెక్క వేస్తే 0.05 ని 0.0084 తో భాగించాలి, 5.95 వస్తుంది. ఒకటోది, ఎఫ్‌డీ మధ్య 18.75.

అంటే A 2 కంటే తక్కువ ఉన్నవాళ్లకు మూడోది, 2 నుంచి దాదాపు 6 వరకు రెండోది, 6 నుంచి 18 దాటేదాకా ఒకటోది, ఆపైన ఎఫ్‌డీ. ఇప్పుడు మీ అడ్వైజర్ చెప్పిన 4 ని చూడండి. అది 3 అయినా, 5 అయినా జవాబు మారదు. మీరు తెలుసుకోవాల్సింది దశాంశాలతో సహా A ఎంత అని కాదు, 2 కి ఏ పక్కన ఉన్నారు, 6 కి ఏ పక్కన ఉన్నారు అనేంతే. అది తేల్చడం చాలా తేలిక.

నేను అడిగే ప్రశ్న ఇది. మీ 20 లక్షల మీద ఒక నాణెం ఎగరేస్తారు. బొమ్మ పడితే 2 లక్షలు వస్తాయి, బొరుసు పడితే 2 లక్షలు పోతాయి. తప్పుకోవడానికి వీల్లేదు, కానీ కొంత డబ్బు ఇస్తే ఎగరేయకుండా వదిలేస్తారు. ఎంత వరకు ఇస్తారు? ఈ పందెంలో సగటు సున్నా, డీవియేషన్ 10 శాతం, కాబట్టి దాని ధర ½ × A × 0.01, అంటే ఒక్కో A కి అర శాతం. 20 లక్షల మీద అర శాతం 10 వేలు. కాబట్టి మీరు 40 వేలు అంటే A 4, 20 వేలు అంటే 2, 60 వేలు అంటే 6. ఇంతకన్నా సులువైన లెక్క లేదు.

ఆ మధ్య మల్కాజ్‌గిరి నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ కొడుకుతో కలిసి మా ఆఫీసుకు వచ్చారు. ఆమె దగ్గర ఉన్నదీ సుమారు ఇంతే డబ్బు. ఈ ప్రశ్న అడిగి ఇద్దరి చేతికీ చెరో చీటీ ఇచ్చాను, ఒకరిది ఒకరు చూడకుండా రాయమన్నాను. కొడుకు వెంటనే 20 వేలు అని రాసి మడిచేశారు. ఆమె ముందు పది అని రాసి కొట్టేశారు, తర్వాత నలభై రాసి అదీ కొట్టేశారు, చివరికి 70 వేలు రాసి "రెండు లక్షలు పోయిందన్న మాట నా చెవిన పడొద్దు నాయనా, దానికి డెబ్బై వేలు పోయినా పర్లేదు" అన్నారు. కొట్టేసిన ఆ రెండు అంకెలే నాకు చాలా విషయం చెప్పాయి. అప్పటిదాకా ఆమె తరఫున ఫారాలన్నీ కొడుకే నింపుతున్నారు. ఆమె డబ్బుకు ఆయన A వాడుతున్నారన్నమాట. ఆమెది 7, ఆయనది 2. మీ మూడు పోర్ట్‌ఫోలియోలనే ఆమె ముందు పెట్టి ఉంటే ఒకటోదానికి 7.44, రెండోదానికి 7, మూడోదానికి మైనస్ 0.5 వచ్చేవి. కొడుకు లెక్కలో మూడోది, రెండోది సమానంగా నిలిచేవి. ఒకే ఇల్లు, ఒకే డబ్బు.

ఈ ప్రశ్నను మార్కెట్ బాగున్న రోజున ఒకసారి, బాగా పడిన రోజు గుర్తు చేసుకుని ఇంకోసారి వేసుకోండి. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్క రోజులో 13 శాతం పడింది. అప్పుడు మీ దగ్గర ఫండ్లు ఉంటే ఆ రాత్రి మీరేం చేశారో గుర్తుంటుంది. రెండు జవాబులూ బాగా తేడాగా ఉంటే టెన్షన్‌లో ఉన్నప్పటి జవాబునే నమ్మండి, ఎందుకంటే అమ్మేయాలన్న నిర్ణయం తీసుకునేది అప్పటి మీరే.

ఈ ప్రశ్నకు ఒక హద్దు కూడా ఉంది. పందేన్ని 2 లక్షల నుంచి 4 లక్షలకు, అంటే 20 శాతానికి పెంచితే A 10 ఉన్న మనిషి ఇవ్వాల్సిన ధర ½ × 10 × 0.04, అంటే 20 శాతం, సరిగ్గా 4 లక్షలు అవుతుంది. 4 లక్షలు పోతాయేమో అన్న భయానికి ఖాయంగా 4 లక్షలు ఇచ్చేసేవాళ్లు ఎక్కడా ఉండరు. ఊగిసలాట పెద్దదై A కూడా పెద్దదైనప్పుడు ఈ ఫార్ములా ధరను అతిగా చూపిస్తుంది. అందుకే చిన్న పందెంతో అడుగుతాను. టీచరమ్మ లెక్కలో మూడోదానికి వచ్చిన మైనస్ 0.5 ని కూడా అక్షరాలా తీసుకోకూడదు. అది ఆమెకు పనికిరాదు అన్నంత వరకు నిజం, అంతే.

ఇప్పుడు అసలు మెలిక. మీరు 20 లక్షల గురించే అడిగారు. మీకు పీఎఫ్ ఎంత ఉందో చెప్పలేదు. ప్రశ్నావళుల్లోంచి వచ్చే A సాధారణంగా మనిషి మొత్తం ఆస్తికి సంబంధించినది. ఉదాహరణకు మీకు పీఎఫ్, ఎఫ్‌డీలు కలిపి ఇంకో 30 లక్షలు ఉన్నాయనుకుందాం, వాటికి ఊగిసలాట లేదనుకుందాం. మొత్తం 50 లక్షలు. అందులో 20 లక్షలు మూడో పోర్ట్‌ఫోలియోలో పెడితే మొత్తం మీద డీవియేషన్ 20 శాతం కాదు, 8 శాతం. A 4 తో దాని ధర 50 లక్షల మీద 1.28 శాతం, అంటే 64 వేలు. ఇందాక 20 లక్షల్ని విడిగా చూసినప్పుడు ఇదే ధర లక్షా 60 వేలు. కాబట్టి మూడోది ఇప్పుడు 2 లక్షల 70 వేలలోంచి 64 వేలు పోగా 2 లక్షల 6 వేలతో సమానం. రెండోది 2 లక్షల 10 వేలలోంచి 16 వేలు పోగా లక్షా 94 వేలు. మూడోదే ముందుకు వచ్చేసింది!

A మారలేదు, పోర్ట్‌ఫోలియోలు మారలేదు. దేని మీద లెక్కపెట్టాం అన్నదే మారింది. దీన్ని చిటికెలో చేసే మార్గం ఉంది: మొత్తం ఆస్తిలో ఈ డబ్బు వాటా 40 శాతం కాబట్టి 4 ని 0.4 తో గుణించండి, 1.6 వస్తుంది. అది 2 కంటే తక్కువ, కాబట్టి మూడోది. నేను చెప్పిన నాణెం ప్రశ్నకు మీరు ఈ 20 లక్షలనే మనసులో పెట్టుకుని రూపాయల్లో జవాబిస్తే, వచ్చే A నేరుగా ఈ డబ్బుదే, మళ్లీ గుణించనక్కర్లేదు. అడ్వైజర్ ఇచ్చిన 4 ఈ రెండింట్లో ఏదో ఆయన్ని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు ఆయన తడబడితే ఆ 4 ని పక్కన పెట్టి చీటీ మీద మీ అంకె మీరే రాసుకోండి.

A సంగతి అయింది. ఫార్ములాలో ఇంకా బలహీనమైన అంకె ఒకటి ఉంది, అది సగటు రాబడి. మూడోదాని 13.5 గత పదేళ్ల సగటు అనుకుంటే, దాని మీద పొరపాటు పరిధి ఎంతో తేలిగ్గా లెక్కేయొచ్చు: 20 ని పది వర్గమూలంతో భాగించండి, 6.3 శాతం వస్తుంది. అంటే నిజమైన సగటు 7 అయినా, 20 అయినా ఆ పదేళ్లలో 13.5 కనిపించి ఉండొచ్చు. డీవియేషన్‌ను మాత్రం నెలవారీ డేటాతో ఇంతకన్నా చాలా నమ్మకంగా తేల్చొచ్చు. మనం ఫార్ములాలో రెండో దశాంశం వరకు పోల్చుతున్నది ఇలాంటి అంకెల్ని. U ల మధ్య అర శాతం తేడా కనిపిస్తే దాన్ని తేడాగా లెక్కపెట్టొద్దు.

నేను చేసే పని ఇది. ఎఫ్‌డీ కంటే అదనంగా చూపించిన రాబడిని మూడింటికీ సగానికి తగ్గించి మళ్లీ వేస్తాను. ఒకటోది 7.25, రెండోది 8.5, మూడోది 10 అవుతాయి. డీవియేషన్లు అవే. A 4 తో ఇప్పుడు ఒకటోది 6.93, రెండోది సరిగ్గా ఎఫ్‌డీతో సమానంగా 6.5, మూడోది 2. ఒకటోది ముందుకు వచ్చింది. నిర్ణయం మారే చోట్లు కూడా సగానికి పడిపోయాయి: 2 ఉన్నచోట 1, 5.95 ఉన్నచోట 2.98. అంటే అడ్వైజర్ అంకెల్ని పూర్తిగా నమ్మితే రెండోది, సగమే నమ్మితే ఒకటోది. అలాగైతే ఎటూ తేలలేదు కదా అంటారు. తేలుతుంది, కానీ దానికి ప్రశ్నను కొంచెం మార్చాలి.

మీరు మూడింట్లో ఒకదాన్ని పూర్తిగా తీసుకోవాలనే ఆలోచిస్తున్నారు. 20 లక్షల్లో కొంత ఎఫ్‌డీలో, కొంత పోర్ట్‌ఫోలియోలో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కలపడం కుదిరినప్పుడు చూడాల్సింది ఒక్కో శాతం ఊగిసలాటకు ఎఫ్‌డీ కంటే ఎంత అదనంగా వస్తోంది అని. ఒకటోదానికి 1.5 ని 4 తో భాగిస్తే 0.375, రెండోదానికి 4 ని 10 తో భాగిస్తే 0.40, మూడోదానికి 7 ని 20 తో భాగిస్తే 0.35. దీన్నే షార్ప్ రేషియో అంటారు. రెండోది ముందుంది. అదనపు రాబడిని మూడింటికీ సగం చేసినా ఈ వరుస మారదు, అదే దీని బలం. ఇక రెండోదాన్ని ఎంత కొనాలో A చెబుతుంది:

```
w = (E − rf) / (A × σ²)
```

ఇక్కడ w అంటే మీ డబ్బులో ఆ పోర్ట్‌ఫోలియోలో పెట్టాల్సిన వాటా, rf అంటే ఎఫ్‌డీ రాబడి. టీచరమ్మ A 7 తో వేస్తే 0.04 ని 0.07 తో భాగించాలి, 57 శాతం. అంటే 11 లక్షల 40 వేలు రెండోదాంట్లో, మిగతా 8 లక్షల 60 వేలు ఎఫ్‌డీలో. సగటు రాబడి 8.8 దగ్గర, డీవియేషన్ 5.7, ధర పోగా 7.64. ఒకటోదాన్ని పూర్తిగా తీసుకుంటే ఆమెకు వచ్చేది 7.44. తేడా 20 లక్షల మీద సుమారు 4 వేలు, పెద్దదేమీ కాదు. కానీ ఒకటో పోర్ట్‌ఫోలియో అవసరమే లేదని తేలింది. పైగా ఆమెకు భయం వేసినప్పుడు కదపాల్సింది ఆ ఎఫ్‌డీ పాళ్లనే, పోర్ట్‌ఫోలియోలు మార్చనక్కర్లేదు.

మీ A 4 తో వేస్తే 0.04 ని 0.04 తో భాగిస్తే 1, అంటే మొత్తం 20 లక్షలూ రెండోదాంట్లోనే. అడ్వైజర్ అంకెల్ని సగమే నమ్మితే అర్ధం, అంటే 10 లక్షలు రెండోదాంట్లో, 10 లక్షలు ఎఫ్‌డీలో. అప్పుడు వచ్చే 7 శాతం, ఆ సగం నమ్మకంలో ఒకటోదాని 6.93 కంటే తక్కువేమీ కాదు. ఇందాక ఒకటోదా రెండోదా అని ఊగిన నిర్ణయం ఇప్పుడు రెండోదాన్ని 10 లక్షలకు కొనాలా, 20 లక్షలకు కొనాలా అన్న దగ్గరికి వచ్చింది. A 2 కంటే బాగా తక్కువ ఉన్నవాళ్ల సంగతి వేరు. రెండోదాన్ని నూరు శాతం దాటి కొనాలంటే అప్పు చేయాలి, 6.5 కి మనకు ఎవరూ అప్పు ఇవ్వరు. కాబట్టి వాళ్లకు మూడోది ఉండాల్సిందే.

అంకెలు పెట్టే ముందు మూడు చిన్న విషయాలు చూసుకోండి. అడ్వైజర్ ఇచ్చిన 13.5 ఏడాది రాబడుల మామూలు సగటా, లేక సీఏజీఆరా, అంటే చక్రవడ్డీ లెక్కన తేలే ఏడాది రేటా? సీఏజీఆర్‌లో ఊగిసలాట వల్ల జరిగే నష్టం, సుమారుగా σ² లో సగం, ముందే తీసేసి ఉంటుంది. 20 శాతం డీవియేషన్‌కు అది 2 శాతం. సీఏజీఆర్‌ని తెచ్చి ఈ ఫార్ములాలో పెడితే అదే నష్టాన్ని రెండోసారి తీసేసినట్టు అవుతుంది. అందువల్ల అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తినేది మూడోదే.

రెండో విషయం పన్ను. మీరు 30 శాతం శ్లాబులో ఉంటే సెస్‌తో కలిపి 31.2 పోగా ఎఫ్‌డీ 6.5 కాస్తా 4.5 దగ్గరికి వస్తుంది. పోర్ట్‌ఫోలియోల రాబడిని పన్ను పోగా తీసుకుంటే ఎఫ్‌డీని కూడా అలాగే తీసుకోండి. ఒకటి పన్నుకు ముందు, ఒకటి తర్వాత పెట్టి పోల్చినవి చాలా చూశాను.

మూడో విషయం, రాబడి చరిత్రలో ఎన్నడూ కదలిక కనపడనివాటిని ఈ ఫార్ములాలో పెట్టకండి. మా కాలనీలో ఒకాయన నడిపిన చిట్టీలో నెలనెలా లెక్క తప్పకుండా డబ్బు వచ్చేది. ఆ అంకెలు పెడితే డీవియేషన్ సున్నా, ఏ A కైనా అదే మొదటి స్థానం. ఒక దసరా తర్వాత ఆయన ఇంటికి తాళం పడింది. మా ఇంటి డబ్బూ అందులో పోయింది. అప్పటిదాకా జరగనిది σ లో కనపడదు. మీ ఒకటో పోర్ట్‌ఫోలియో డీవియేషన్ 4 శాతమే కాబట్టి, అందులో తక్కువ రేటింగ్ ఉన్న బాండ్లు ఏమైనా ఉన్నాయేమో ఒకసారి అడగండి.

మీ స్థానంలో నేనుంటే, పీఎఫ్ పెద్దగా లేదనుకుంటే, 14 లక్షలు రెండోదాంట్లో పెట్టి 6 లక్షలు రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీ వేస్తాను. అంతకన్నా ముందు నాణెం ప్రశ్నకు మీరూ మీ ఇంట్లో వాళ్లూ విడివిడిగా చీటీలు రాయండి. ఆ రెండు అంకెలు, పీఎఫ్ ఎంతో, ఆ 13.5 సగటో సీఏజీఆరో ఇక్కడే కింద రాస్తే, మీ అంకెలతోనే మళ్లీ లెక్క వేసి పెడతాను.